ల్యాబ్‌లో పక్కన నిలబడి నేర్పినవాళ్లకు ఉత్తరం

అమెరికా విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం కెమిస్ట్రీ చదివే విద్యార్థికి ప్రొఫెసర్ చాలా దూరంలో ఉంటారు. రెండు మూడు వందల మంది పట్టే హాల్లో ఎక్కడో వెనక వరసలో కూర్చుని పాఠం విని లేచిపోవడమే తప్ప, ఆయనతో మాట్లాడే సందర్భం సెమిస్టర్ మొత్తంలో ఒకటో రెండో వస్తే గొప్ప. వారానికోసారి జరిగే మూడు గంటల ల్యాబ్ అలా కాదు. అక్కడ విద్యార్థి పక్కన నిలబడి, బ్యూరెట్ ఎలా పట్టుకోవాలో చూపించి, ఆ తర్వాత రిపోర్టు దిద్ది మార్కులు వేసేది టీచింగ్ అసిస్టెంట్. క్యాంపస్‌లో అందరూ అనే మాట టీఏ. ఈ టీఏలలో ఎక్కువమంది తామూ విద్యార్థులే, పీహెచ్‌డీయో ఎంఎస్సో చేస్తూ ఈ పని చేస్తుంటారు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఆగస్టులో విమానం దిగి, నెల తిరక్కముందే ఇరవై మందికి పైగా ఉన్న ల్యాబ్‌లో బోర్డు ముందు నిలబడే తెలుగు పిల్లలూ వాళ్లలో ఉంటారు.

సెమిస్టర్ చివర ఈ టీఏలకూ, ల్యాబ్‌ను నడిపే ఇన్‌స్ట్రక్టర్లకూ కృతజ్ఞత చెప్పాలని చాలామంది విద్యార్థులకు అనిపిస్తుంది. అనిపించినవాళ్లలో కొందరే చెబుతారు. చెప్పినవాళ్లు కూడా ఎక్కువగా ‘అన్నిటికీ థ్యాంక్స్’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. అది మర్యాదే, అందుకున్నవారికి సంతోషమే. కానీ అంతే శ్రమతో రాయగలిగిన మరో రకం ఉత్తరం ఉంది. అది టీఏ పనికి సాక్ష్యంగా నిలుస్తుంది. ఆ తేడా ఎందుకు వస్తుందో తెలియాలంటే ముందు టీఏ వారం ఎలా గడుస్తుందో చూడాలి.

మామూలుగా ఇచ్చే సగంకాలపు అసిస్టెంట్‌షిప్ అంటే వారానికి 20 గంటల పని. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో చేయగలిగిన పనికి పరిమితి కూడా అదే. కెమిస్ట్రీ టీఏకు సాధారణంగా రెండు సెక్షన్లు అప్పగిస్తారు. సెక్షన్‌కు 24 మంది అనుకుంటే, ల్యాబ్‌లో నిలబడేదే ఆరు గంటలు. టీఏలందరితో కోఆర్డినేటర్ పెట్టే సమావేశం ఒక గంట, విద్యార్థులు సందేహాలతో వచ్చే ఆఫీస్ అవర్స్ రెండు గంటలు. ఇక రిపోర్టులు 48. ఒక్కో దానికి పది నిమిషాలు పెట్టినా ఎనిమిది గంటలు. ఆ వారం ప్రయోగాన్ని ముందుగా తాము చేసి చూసుకోవడం, బోర్డు మీద చెప్పే పదిహేను నిమిషాల పరిచయాన్ని సిద్ధం చేసుకోవడం మిగిలిన మూడు గంటల్లో పూర్తి కావాలి. ఇదంతా తమ సొంత కోర్సులు, పరిశోధన పక్కన పెట్టి చేసే పని కాదు, వాటితోపాటు చేసేది.

ఈ ఇరవై గంటల్లో ప్రొఫెసర్ కంటికి కనిపించేది బహు తక్కువ. ఆయన ల్యాబ్‌లోకి రారు. కోఆర్డినేటర్ సెమిస్టర్‌లో ఒకసారి వెనక నిలబడి గమనిస్తే గమనించవచ్చు, లేకపోతే లేదు. రిపోర్టు మార్జిన్‌లో టీఏ ఓపికగా రాసిన నాలుగు వాక్యాలు ఆ విద్యార్థి తప్ప మరొకరు చదవరు. అందుచేత టీఏ ఎలా పనిచేశారన్నది డిపార్ట్‌మెంట్‌కు రెండు దారుల్లోనే తెలుస్తుంది. ఒకటి, విద్యార్థులు చేసిన ఫిర్యాదులు. రెండోది, సెమిస్టర్ చివర విద్యార్థులు నింపే అభిప్రాయ పత్రాల సగటు అంకె.

ఆ అంకె ఎంత నిలకడ లేనిదో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఐదు పాయింట్ల కొలమానంలో 24 మందికి గాను ఆరుగురే పత్రం నింపారనుకుందాం. ఐదుగురు ఐదేసి ఇచ్చి, మార్కులు తగ్గిన కోపంతో ఒకరు ఒకటి ఇస్తే సగటు 4.33కి పడిపోతుంది. అదే ఇరవై మంది నింపి, పందొమ్మిది మంది ఐదేసి ఇచ్చి ఆ ఒక్కరూ ఒకటే ఇస్తే సగటు 4.8. పనిలో ఏ మార్పూ లేదు, నింపినవారి సంఖ్యే మారింది. తృప్తిగా ఉన్నవాళ్లు పత్రం నింపడం మర్చిపోతారు, కోపం ఉన్నవాళ్లు మర్చిపోరు. అందుకే టీఏకు విద్యార్థి చేయగల మొదటి ఉపకారం ఆ పత్రం నింపడమే. ప్రొఫెసర్‌కూ టీఏకూ పత్రాలు వేరువేరుగా వస్తాయి. తొందరలో ఒకటి నింపి రెండోది వదిలేసేవాళ్లు ఎక్కువ, వదిలేసేది చాలాసార్లు టీఏదే.

అంకెల్లో మరో లోపం ఉంది. అది ఇంకా లోతైనది. 1992లో జార్జియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ రూబిన్ ఒక ప్రయోగం ప్రచురించారు. ఇంగ్లిష్ మాతృభాషగా గల అమెరికన్ మహిళ చెప్పిన చిన్న పాఠాన్ని రికార్డు చేసి డిగ్రీ విద్యార్థులకు వినిపించారు. వింటున్నంతసేపూ కొందరి ముందు శ్వేతజాతి మహిళ ఫొటో, మరికొందరి ముందు ఆసియా మహిళ ఫొటో ఉంచారు. గొంతు ఒకటే. అయినా ఆసియా ముఖం చూసినవారికి విదేశీ యాస వినిపించింది. అంతటితో ఆగలేదు, పాఠం ఎంత అర్థమైందో చూసే పరీక్షలో వాళ్ల మార్కులు కూడా తగ్గాయి. అంటే అర్థం కాకపోవడానికి కారణం కొంతవరకు వినేవారి దగ్గరే ఉంది. 2015లో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆన్‌లైన్ కోర్సులో ఇలాంటిదే మరొకటి చూపించారు. ఇద్దరు అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్లు, ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ. ఇద్దరూ ఒక గుంపుకు తమ పేరుతోను, మరో గుంపుకు ఎదుటివారి పేరుతోను బోధించారు. నేర్పింది ఎవరైనా సరే, పురుషుడి పేరున్న గుంపుల్లో అంకెలు మెరుగ్గా వచ్చాయి. దిద్దిన పేపర్లు అందరికీ ఒకే సమయంలో తిరిగి ఇచ్చినా, ‘త్వరగా ఇచ్చారా’ అన్న ప్రశ్నకు కూడా స్త్రీ పేరుకు తక్కువే పడింది. ఆ ప్రయోగంలో విద్యార్థులు కొద్దిమందే, దాని మీద ఎక్కువ బరువు మోపకూడదు. కానీ టీఏగా పనిచేసే ఒక తెలుగు అమ్మాయికి పడే అంకె వెనక పై రెండు కారణాలూ ఉండే అవకాశం ఉందని అది గుర్తుచేస్తుంది.

సగటు అంకె చెప్పలేనిది వివరంగా రాసిన ఉత్తరం చెబుతుంది. ‘చక్కగా నేర్పారు’ అన్నది అభిప్రాయం, దాన్ని ఒప్పుకోవచ్చు, కొట్టేయవచ్చు. ఫలానా రోజున ఫలానా పని చేశారు, దానివల్ల విద్యార్థి చేతిలో ఫలానాది మారింది అన్నది జరిగిన సంగతి. దాన్ని కొట్టేయడం కష్టం. టీఏకు మరో ప్రయోజనం కూడా ఉంది. మొదటిసారి బోధించేవాళ్లకు తాము చేసిన పది పనుల్లో ఏది పనిచేసిందో తెలియదు. వచ్చే సెమిస్టర్‌లో దేన్ని కొనసాగించాలో, దేన్ని మానెయ్యాలో చెప్పగలిగినవాళ్లు నేర్చుకున్నవాళ్లే.

ఒక ఉదాహరణను దగ్గరగా చూడవచ్చు. జనరల్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో దాదాపు ప్రతిచోటా ఉండే ప్రయోగం, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం గాఢత కనుక్కోవడం. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది కాబట్టి, దాన్ని తూచి కలిపిన లెక్క నమ్మదగింది కాదు. అందుకని కెహెచ్‌పీ అనే ఘన ఆమ్లాన్ని ఖచ్చితంగా తూచి నీళ్లలో కరిగించి, ఫినాల్ఫ్తలీన్ చుక్కలు వేసి, బ్యూరెట్‌లోంచి సోడియం హైడ్రాక్సైడ్ వదులుతూ టైట్రేషన్ చేస్తారు. లేత గులాబీ రంగు వచ్చి అరనిమిషం నిలిస్తే ఎండ్ పాయింట్. మూడుసార్లు చేస్తే మూడు విలువలూ దగ్గరదగ్గరగా రావాలి.

ఒక విద్యార్థికి మొదటిరోజు 0.0962, 0.0989, 0.0941 మొలార్ వచ్చాయనుకుందాం. అసలు ద్రావణం 0.100 దగ్గర ఉంది. ఇక్కడ టీఏ చేయగలిగిన పనులు మూడు. జవాబు ఎంత రావాలో చెప్పెయ్యవచ్చు. ‘జాగ్రత్తగా మళ్లీ చెయ్యి’ అని పక్క బెంచీకి వెళ్లవచ్చు. లేదా మూడు ఫ్లాస్కులనూ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టించి, రంగులు ఒకేలా ఉన్నాయా అని అడగవచ్చు. ముదురు గులాబీగా ఉన్న ఫ్లాస్కులో ద్రావణం హద్దు దాటి పడిందని విద్యార్థికి అప్పుడు తనకై తనకే కనిపిస్తుంది. తర్వాత బ్యూరెట్ కొన చూడమంటే అక్కడ గాలి బుడగ దొరుకుతుంది. టైట్రేషన్ మధ్యలో ఆ బుడగ బయటికి పోతే, ఫ్లాస్కులో పడని ద్రావణం కూడా పడినట్టు రీడింగులో చేరుతుంది. హద్దు దాటడమైనా బుడగ అయినా వాడిన ద్రావణాన్ని ఎక్కువగా చూపిస్తాయి, గాఢతను తక్కువగా తేలుస్తాయి. మూడు విలువలూ 0.100కి కిందనే ఉండటానికి కారణం అదే. చివరగా టీఏ సగం చుక్క వదలడం చూపిస్తారు. కుళాయిని కొద్దిగా తిప్పితే చుక్క పూర్తిగా రాలకుండా కొనకు వేలాడుతుంది. దాన్ని ఫ్లాస్కు లోపలి గోడకు తాకించి డిస్టిల్డ్ వాటర్‌తో లోపలికి కడిగేస్తారు. ఇదంతా ఐదారు నిమిషాల పని. ఆ ఐదారు నిమిషాలూ ఏ అభిప్రాయ పత్రంలోనూ కనిపించవు.

ఆ విద్యార్థి డిసెంబరులో ‘ఈ సెమిస్టర్‌లో మీరు చేసిన సహాయానికి ధన్యవాదాలు. మీరు చాలా ఓపికగల టీఏ. మీకు అన్నీ శుభాలు కలగాలి’ అని రాశాడనుకుందాం. ఇందులో తప్పేమీ లేదు. కానీ పేరు మార్చి భౌతికశాస్త్రం టీఏకు పంపినా, పక్క సెక్షన్ టీఏకు పంపినా సరిపోతుంది. అదే విద్యార్థి ఇలా రాయవచ్చు:

‘మంగళవారం మధ్యాహ్నం సెక్షన్‌లో కిటికీ పక్క బెంచీ నాది. సోడియం హైడ్రాక్సైడ్ టైట్రేషన్ రోజున నా మూడు విలువలూ మూడు దారులు పట్టాయి. జవాబు ఎంత రావాలో మీరు చెప్పలేదు. నా ఫ్లాస్కులు తెల్లకాగితం మీద పెట్టించి రంగులు పోల్చమన్నారు. బ్యూరెట్ కొనలో బుడగ నేనే కనిపెట్టేదాకా ఆగారు. సగం చుక్క వదలడం ఒకసారి మీరు చేసి చూపించి, రెండోసారి నా చేత చేయించారు. తర్వాతి వారం వినెగర్ ప్రయోగంలో నా మూడు రీడింగులకూ మధ్య తేడా 0.05 మిల్లీలీటర్లు దాటలేదు. ఇంకొకటి. నా రిపోర్టుల్లో దశాంశ స్థానాలు ఎక్కడ తప్పుతున్నాయో మీరు ప్రతిసారీ ఆ వరస పక్కనే గుర్తుపెట్టేవారు. నాలుగో రిపోర్టు తర్వాత ఆ తప్పు మళ్లీ చేయలేదు. ఈ ఉత్తరం మీకు ఎక్కడైనా పనికొస్తే నా పేరుతో సహా వాడుకోండి.’

ఈ ఉత్తరంలో పొగడ్త మాట ఒక్కటీ లేదు. అయినా చదివిన కోఆర్డినేటర్‌కు నాలుగు సంగతులు తెలుస్తాయి. ఈ టీఏ జవాబులు అందించరు, తప్పును విద్యార్థి చేతనే కనిపెట్టిస్తారు. చేతిపనిని చేసి చూపించి, వెంటనే చేయిస్తారు. రిపోర్టులను నిజంగా చదువుతారు. నేర్పింది మరుసటి ప్రయోగం దాకా నిలిచింది. బోధనే ప్రధానంగా ఉండే కాలేజీల్లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు అడిగే బోధనానుభవ వివరాల్లోకి సూటిగా వెళ్లగలిగిన సంగతులు ఇవి.

రిపోర్టు దిద్దడం గురించిన వాక్యాన్ని చిన్నదిగా చూడకూడదు. టీఏ గంటల్లో అతిపెద్ద వాటా అదే, ఎవరూ గుర్తించని వాటా కూడా అదే. రాత్రి పదకొండింటికి నలభై రెండో రిపోర్టు మీద రాసిన వ్యాఖ్యను ఎవరో చదివారని, దాని ప్రకారం మారారని తెలియడం ఆ పనిచేసేవాళ్లకు ఎంత ముఖ్యమో దిద్దినవాళ్లకే తెలుస్తుంది. ఏ వ్యాఖ్య గురించి రాయాలో వెతకడం కష్టం కాదు. తిరిగొచ్చిన రిపోర్టులను వరసగా తిరగేస్తే, మొదట్లో ఎర్రగీతలు పడి తర్వాత పడని చోటు ఒకటైనా దొరుకుతుంది.

మంచి మనసుతో రాసిన ఉత్తరమే టీఏకు ఇబ్బంది తెచ్చే సందర్భాలూ ఉన్నాయి. ‘ప్రొఫెసర్ పాఠం ఒక్క ముక్క అర్థం కాలేదు, అంతా మీవల్లే నేర్చుకున్నాను’ అన్న వాక్యం నిజమే కావచ్చు. కానీ ఆ ఉత్తరం ప్రతి ప్రొఫెసర్‌కు వెళితే టీఏ నలిగిపోతారు. వెళ్లకపోయినా, టీఏ దాన్ని ఎవరికీ చూపించలేరు. ‘గడువు దాటినా నా రిపోర్టు తీసుకున్నారు’ అన్నది మరీ ప్రమాదం. ఆ వెసులుబాటు అందరికీ ఇవ్వనిదైతే, కృతజ్ఞత పేరుతో నియమం తప్పారని రాతపూర్వకంగా చెప్పినట్టవుతుంది. ‘మీవల్లే ఏ గ్రేడ్ వచ్చింది’ అన్న వాక్యాన్ని కూడా వదిలెయ్యడం మంచిది. మార్కులు వేసిన మనిషికి మార్కుల గురించి థ్యాంక్స్ చెబితే, మార్కులు కష్టానికి వచ్చాయా, దయవల్ల వచ్చాయా అన్న అనుమానానికి చోటిచ్చినట్టే. నేర్చుకున్న పని గురించి చెప్పడమే సరైన దారి.

యాస గురించి ఒక మాట. ‘మొదట్లో మీ ఇంగ్లిష్ అర్థం కాలేదు, తర్వాత అలవాటైంది’ అని రాసేవాళ్లు మెచ్చుకోలుగానే రాస్తారు. రూబిన్ ప్రయోగం తెలిసిన తర్వాత ఆ వాక్యం ఎందుకు రాయకూడదో వేరే చెప్పనక్కర్లేదు. డిపార్ట్‌మెంట్ ఫైల్లో ఆ ఉత్తరం చేరితే చదివేవారి కంటికి ముందుగా తగిలేది మొదటి సగమే. టీఏ బోర్డు మీద బొమ్మ గీసి వివరించేవారనో, ఒకే సంగతిని రెండు మాటల్లో చెప్పేవారనో రాస్తే, చెప్పదలచుకున్న మంచి మొత్తం అందులో ఉంటుంది.

టీఏ కూడా తెలుగువారే అయితే మరో చిక్కు. అపార్ట్‌మెంట్‌లో, పండగ భోజనాల్లో ‘అన్నా’, ‘అక్కా’ అని పిలిచే మనిషే ల్యాబ్‌లో మార్కులు వేస్తారు. ఇంట్లో తెలుగులో ఎంత ఆప్యాయంగా థ్యాంక్స్ చెప్పినా మంచిదే. డిపార్ట్‌మెంట్‌కు వెళ్లే ఉత్తరం మాత్రం ఇంగ్లిష్‌లో, మిగతా విద్యార్థులు రాసినట్టే, ల్యాబ్‌లో జరిగినదానికే పరిమితమై ఉండాలి. వంట చేసి పెట్టారనీ, ఎయిర్‌పోర్టుకు వచ్చి దింపారనీ అందులో కలిపితే బోధన గురించిన సాక్ష్యం బలం పోగొట్టుకుంటుంది.

ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ల సంగతి వేరు. టీఏ సెమిస్టర్‌కో సెక్షన్‌కు మారిపోతారు. ఇన్‌స్ట్రక్టర్, కోఆర్డినేటర్ ఏళ్ల తరబడి అదే ల్యాబ్‌లో ఉండే పూర్తికాల ఉద్యోగులు. ల్యాబ్ మాన్యువల్ రాసేది, ఏటా సవరించేది వీళ్లే. స్టాక్‌రూమ్ సిబ్బందితో కలిసి వందల మందికి సరిపడా ద్రావణాలు కలిపించడం, ఒక్కొక్కరికి ఒక్కో నంబరుతో అన్‌నోన్ శాంపిళ్లు సిద్ధం చేయించడం, వ్యర్థాల సీసాలు నిండకముందే మార్పించడం, జబ్బుపడి రాలేకపోయినవాళ్లకు మేకప్ ల్యాబ్ ఏర్పాటు చేయడం వీళ్ల పని. ఇవి సరిగ్గా జరిగినంతకాలం ఎవరికీ కనిపించవు, ఒకరోజు బ్యూరెట్లు తక్కువైతే మాత్రం అందరికీ కనిపిస్తాయి. కాబట్టి వీళ్లకు రాసే ఉత్తరంలో ‘బాగా నేర్పారు’ కంటే, మాన్యువల్‌లో ఫలానా పటం చూసి పరికరాన్ని ఎవరినీ అడక్కుండా బిగించగలిగామనో, ఫలానా ప్రయోగంలో సూచనలు వరసగా ఉన్నాయనో రాయడం ఎక్కువ పనికొస్తుంది. మాన్యువల్‌లో తికమక పెట్టిన అంశం ఒకటి ఉంటే మర్యాదగా పేజీ నంబరుతో చెప్పడం కూడా కృతజ్ఞతలో భాగమే. ఎవరో అంత శ్రద్ధగా చదివారన్నమాట, పైగా వచ్చే ఏడాది ముద్రణలో సరిచేయడానికి వీలుంటుంది.

తెలుగునాట కాలేజీల్లో ఈ స్థానంలో ఉండేవారు ల్యాబ్ అసిస్టెంటు, అటెండరు. ఇంటర్, డిగ్రీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లందరికీ సాల్ట్ అనాలిసిస్ గుర్తుంటుంది. నైట్రేట్ కోసం చేసే బ్రౌన్ రింగ్ టెస్ట్‌కు ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం అప్పటికప్పుడు తాజాగా కలిపింది కావాలి. నిలవ ఉంటే గాలికి ఆక్సీకరణం చెంది ఫెర్రిక్‌గా మారుతుంది, రింగ్ సరిగ్గా రాదు. విద్యార్థి చేతిలోని పరీక్షనాళికలో గోధుమరంగు రింగ్ చక్కగా వచ్చిందంటే, ఆ ఉదయం ఎవరో ల్యాబ్ తెరిచి ఆ ద్రావణాన్ని కొత్తగా కలిపారన్నమాట. ఆ మనిషికి అభిప్రాయ పత్రాల్లో గడి ఉండటం అరుదు. ఎక్స్‌టర్నల్ అయిపోయి రికార్డులు సంతకమైన రోజున, ఆ రింగ్ సంగతి పేరుపెట్టి చెబితే ఆయనకు ఏం చెబుతున్నారో వెంటనే అర్థమవుతుంది. ప్రిన్సిపాల్‌కు పది మంది సంతకాలతో ఒక చిన్న కాగితం ఇస్తే అది ఇంకా దూరం వెళుతుంది. ఐఐటీల్లో గేట్ స్టైపెండ్ మీద ఎంటెక్ చేసేవారు కూడా వారానికి కొన్ని గంటలు టీఏలుగా పనిచేస్తారు. అక్కడ పైన చెప్పిన టీఏ ఉత్తరం పద్ధతే సరిపోతుంది.

కంప్యూటర్ సైన్స్ కోర్సుల్లో ప్రయోగశాల రూపం వేరు. అసైన్‌మెంట్ గడువుకు ముందురోజు సాయంత్రం ఆఫీస్ అవర్స్ ముందు పెద్ద వరస ఉంటుంది, ఒక్కొక్కరికీ దక్కేది ఐదు పది నిమిషాలు. అక్కడ గుర్తుపెట్టుకోవలసింది టీఏ కోడ్ సరిచేసి ఇచ్చారా అన్నది కాదు. ఇవ్వకుండా, ప్రోగ్రాం ఏ వరసలో దారి తప్పుతోందో కనిపెట్టే పద్ధతి ఏది నేర్పారన్నది. ఉత్తరంలో ఆ పద్ధతినీ, తర్వాత ఏ అసైన్‌మెంట్‌లో అది సొంతంగా పనికొచ్చిందో రాస్తే చాలు.

ఎప్పుడు పంపాలి అన్నదానికి జవాబు తేలిక. అభిప్రాయ పత్రాన్ని గడువులోగా నింపాలి, అది పేరు లేకుండా ఉంటుంది, గ్రేడ్లు వెళ్లిన తర్వాతే టీఏల చేతికి వస్తుంది. సంతకం పెట్టిన ఉత్తరాన్ని మాత్రం గ్రేడ్లు ప్రకటించాకే పంపాలి. ముందే పంపితే టీఏకు మొహమాటం, చూసేవారికి అనుమానం. మార్కులు పెంచమని అడిగేది ఏదైనా ఉంటే అది వేరే మెయిల్లో, వేరే రోజున అడగాలి. రెండూ ఒకే ఉత్తరంలో ఉంటే మొదటిది రెండోదానికి ముందుమాటలా కనిపిస్తుంది. బహుమతుల జోలికి పోకపోవడమే మేలు. తమకు మార్కులు వేసే వ్యక్తికి విలువైన వస్తువు ఇవ్వడాన్ని చాలా విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవు. అమెరికాలో ఎక్కువగా వాడే గిఫ్ట్ కార్డు డబ్బుతో సమానం కాబట్టి దానితో మరింత ఇబ్బంది. చేత్తో రాసిన కార్డుకు ఈ చిక్కులేవీ లేవు.

ఎవరికి పంపాలన్నదీ ముఖ్యమే. టీఏకు నేరుగా రాస్తూ, ప్రతిని ల్యాబ్ కోఆర్డినేటర్‌కు పంపితే చాలు. టీఏ నియామకాలు చూసేవారు వేరే ఉంటే వాళ్లకు కూడా పంపవచ్చు. ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్ గురించి రాస్తే ప్రతి డిపార్ట్‌మెంట్ అధిపతికి వెళ్లాలి, వాళ్ల వార్షిక సమీక్ష చేసేది ఆ కార్యాలయమే కాబట్టి. చాలా డిపార్ట్‌మెంట్లలో టీఏలకు బోధన అవార్డులు ఉంటాయి, వాటికి విద్యార్థులే పేర్లు సూచించే వీలు చాలాచోట్ల ఉంటుంది. ఉత్తరంలో రాసిన సంగతులనే అక్కడి ఫారంలో నింపవచ్చు.

ఇంగ్లిష్‌లో సరిగ్గా రాయలేమేమో, రాస్తే అతిగా ఉంటుందేమో అని వెనకాడేవాళ్లకు 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఊరట. కృతజ్ఞతా లేఖలు రాసినవారిని, అందుకున్నవారు ఎలా భావిస్తారో ముందుగా ఊహించమన్నారు. తర్వాత అందుకున్నవారినే అడిగారు. రాసినవాళ్లు అవతలివారికి కలిగే ఇబ్బందిని ఎక్కువగా, సంతోషాన్ని తక్కువగా ఊహించారు. రాసేవాళ్లు సరైన మాటలు కుదిరాయా లేదా అని బెంగపడితే, చదివేవాళ్లు అందులోని ఆప్యాయతను చూశారు. కాబట్టి వ్యాకరణం కోసం ఆగనక్కర్లేదు. ఏ ప్రయోగం, ఏ తప్పు, ఏం మారింది అన్న మూడూ ఉంటే ఉత్తరం నిలబడుతుంది.

సెమిస్టర్ దాటిపోయినా ఆలస్యమైందనుకోవలసిన పనిలేదు. టీఏగా చేసినవాళ్లు బోధన ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టేది పీహెచ్‌డీ ముగిసే ఏడాదిలో, అంటే ల్యాబ్‌లో నేర్పిన నాలుగైదేళ్ల తర్వాత. ఆలోగా ఆ విద్యార్థి పై కోర్సుల్లోకి వెళ్లి, అదే సగం చుక్క నైపుణ్యాన్ని అనలిటికల్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో వాడుతూ ఉండవచ్చు. మొదటి ఉత్తరంలో రాయలేని ఆ సంగతి అప్పుడు రాయగలిగితే, దాని విలువ ఇంకా ఎక్కువ. చదువు ముగిసిన కొన్నాళ్లకు విశ్వవిద్యాలయం ఇచ్చిన మెయిల్ ఖాతాలు మూతపడతాయి కాబట్టి, టీఏ సొంత చిరునామా దొరక్కపోతే ఉత్తరాన్ని కోఆర్డినేటర్ కార్యాలయానికి పంపి, వాళ్లకు చేర్చమని అడగవచ్చు.